ఓట్స్ జావ: పాలతోనా, నీళ్లతోనా? అరటిపండు, జీడిపప్పు వేశాక లెక్క ఎటు తిరుగుతుంది

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు ప్రొటీన్ కోసం అడుగుతారు, పెద్దవాళ్లు షుగర్ కోసం అడుగుతారు. ఇద్దరూ పాలా, నీళ్లా అన్న దగ్గరే ఆగిపోతారు. పైన వేసే గుప్పెడు జీడిపప్పును మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గిన్నె బరువును తేల్చేది చాలాసార్లు అదే.

ముందు ఒక గిన్నెను స్థిరం చేసుకుందాం. పొడి ఓట్స్ 40 గ్రాములు, అంటే సుమారు అర కప్పు. ఒలిచిన అరటిపండు 80 గ్రాములు. జీడిపప్పు 15 గ్రాములు. చక్కెర లేదు, నెయ్యి లేదు. ఈ మూడూ మార్చకుండా, కాచే ద్రవాన్ని మాత్రమే మారిస్తే ఇలా వస్తుంది. అంకెలు కాస్త అటూ ఇటూగా సర్దినవి.

| దేనితో కాచాం | కేలరీలు | ప్రొటీన్ (గ్రా.) | పిండిపదార్థం (గ్రా.) | కొవ్వు (గ్రా.) |
|---|---|---|---|---|
| ఒట్టి నీళ్లు | 305 | 9 | 50 | 9.5 |
| సగం టోన్డ్ పాలు (125 మి.లీ.), సగం నీళ్లు | 380 | 13 | 55 | 13 |
| టోన్డ్ పాలు 250 మి.లీ. | 450 | 17 | 61 | 17 |
| ఫుల్ క్రీమ్ పాలు 250 మి.లీ. | 525 | 17 | 62 | 24 |

కేలరీల గడి ఒక్కటే చూస్తే నీళ్లదే గెలుపు అనిపిస్తుంది. చూడాల్సింది దాని పక్క గడి. నీళ్ల జావలో ప్రొటీన్ 9 గ్రాములే. అందులో అయిదు ఓట్స్‌వి, సుమారు మూడు జీడిపప్పువి, అరటిపండుది ఒక్క గ్రాము కూడా నిండదు. పొద్దున్న ఎనిమిదికి ఇది తిని ఆఫీసుకో కాలేజీకో వెళ్తే పదిన్నరకే కడుపు ఖాళీ అయినట్టుంటుంది. అప్పుడు టీ, దాంతో బిస్కెట్లు. నీళ్లతో మిగిల్చుకున్న కేలరీలు అక్కడే తిరిగొచ్చేస్తాయి.

"పాలు వద్దు, ప్రొటీన్ కోసం ఇంకాస్త జీడిపప్పు వేసుకుంటాం" అనే మాట తరచూ వినిపిస్తుంది. అది ఎందుకు పొసగదో చూద్దాం. 250 మి.లీ. టోన్డ్ పాలు దాదాపు 8 గ్రాముల ప్రొటీన్ ఇస్తాయి, దానికి ఖర్చయ్యేది 145 కేలరీల చిల్లర. అదే 8 గ్రాములు జీడిపప్పు నుంచి రావాలంటే సుమారు 44 గ్రాములు తినాలి. అంటే దాదాపు 245 కేలరీలు, 19 గ్రాముల కొవ్వు. అప్పుడు మన నీళ్ల జావ 550 కేలరీలకు చేరుతుంది, పాల జావ మాత్రం 450 దగ్గరే ఉంటుంది. ప్రొటీన్ రెండింటిలోనూ ఒకటే. తేలికని ఎంచుకున్న గిన్నే బరువైపోయిందన్నమాట. బాదం కాస్త నయం, అదే పనికి 38 గ్రాములు, 220 కేలరీలు. వేరుశనగ గుళ్లు ఇంకా నయం, 31 గ్రాములు, 175 కేలరీలు. అన్నిటికంటే చవకైన గింజే ఇక్కడ అన్నిటికంటే ముందుంది. అయినా పాల దగ్గరికి రాలేదు. పప్పు గింజల్ని రుచికీ, కొరుకుడికీ, మంచి కొవ్వుకీ వేసుకోవాలి. వాటి మీద ప్రొటీన్ బాధ్యత పెట్టకూడదు.

అందుకే నా ఓటు పాలకే, అదీ టోన్డ్ పాలకు.

జీడిపప్పు దగ్గర ఇంకో చిక్కు ఉంది. పలాస పక్కనే కాబట్టి మన ఇళ్లలో అది డబ్బాల్లో ఉంటుంది, చేత్తో తీసి వేయడమే అలవాటు. "పది పలుకులు" అంటే ఎంత? కొన్న గ్రేడును బట్టి ఉంటుంది. డబ్ల్యూ 320, 240, 180 అని రాసే అంకె ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, సుమారుగా ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతుంది. కాబట్టి 320 రకంలో ఒక గుండు దాదాపు 1.4 గ్రాములు, 180 రకంలో దాదాపు 2.5 గ్రాములు. 15 గ్రాములకు మొదటిది పది, పదకొండు పడుతుంది, రెండోది ఆరు చాలు. పెద్ద గుండ్లు కొన్నవాళ్లు కూడా పదే వేస్తే 25 గ్రాములవుతుంది, అంటే 55 కేలరీలు అదనం. బద్దలు, ముక్కలు వాడితే లెక్కపెట్టడం కుదరదు, ఒకసారి తూచి ఏ చెంచాకు ఎంత పడుతుందో గుర్తుపెట్టుకోవాలి. నేతిలో వేయిస్తే చెంచాడు నెయ్యికి మరో 45 కేలరీలు. పొడి మూకుడులో సన్నసెగ మీద వేయించినా దోరరంగు వస్తుంది, వాసనా వస్తుంది.

ఇక షుగర్ ఉన్నవాళ్ల ప్రశ్న. పాలలోని సహజ చక్కెర వల్ల పాల జావలో పిండిపదార్థం 11, 12 గ్రాములు ఎక్కువ, అది నిజం. ఐతే నీళ్ల జావ చప్పగా ఉంటుంది కాబట్టి అందులో రెండు చెంచాల బెల్లం పడుతుంది. అది 10 గ్రాములనుకుంటే పిండిపదార్థం అక్కడికక్కడే దాదాపు సమానం, ప్రొటీన్ మాత్రం పెరగలేదు. పైగా పాలలోని ప్రొటీన్, కొవ్వు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, బెల్లానికి ఆ గుణం లేదు. బెల్లం వేయకుండా నీళ్ల జావ తినగలిగేవాళ్లకు ఈ వాదన వర్తించదు. వాళ్లకు నీళ్లే మేలు. షుగర్ ఉన్నవాళ్లు పాలను తగ్గించే ముందు అరటిపండును తగ్గించి చూడాలి. సగం పండు తీసేస్తే 9 గ్రాముల పిండిపదార్థం పోతుంది, ప్రొటీన్ ఏమీ పోదు. పండును తొక్కతో తూచకండి, తొక్కే దాదాపు మూడో వంతు ఉంటుంది.

నీళ్ల జావ పాల జావను నిజంగా ఓడించే సందర్భం ఒకటుంది: పక్కన రెండు ఉడికిన గుడ్లు ఉన్నప్పుడు. నీళ్ల జావ 305, గుడ్లు సుమారు 145, మొత్తం 450 కేలరీలు. సరిగ్గా టోన్డ్ పాల జావ అంతే. ప్రొటీన్ మాత్రం 21 గ్రాములు దాటుతుంది, పిండిపదార్థం 50 దగ్గరే ఆగుతుంది. గుడ్డు తినేవాళ్లకు ఇంతకంటే మంచి జోడీ లేదు. కార్తీకమంతా, మార్గశిర లక్ష్మివారాలూ గుడ్డు ముట్టని ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి, ఆ రోజులకు పాలు ఉండనే ఉన్నాయి.

పాలల్లో ఏవి? ప్యాకెట్ రంగును నమ్ముకోకండి, ఒక్కో డెయిరీది ఒక్కో రంగు. దాని మీద కొవ్వు శాతం చదవండి. డబుల్ టోన్డ్ 1.5, టోన్డ్ 3, స్టాండర్డైజ్డ్ 4.5, ఫుల్ క్రీమ్ 6. ప్రొటీన్ వీటన్నిటిలోనూ ఇంచుమించు ఒకటే, మారేది కొవ్వే. డబుల్ టోన్డ్ వాడితే టోన్డ్ కంటే ఇంకో 30 కేలరీలు తగ్గుతాయి, ఐతే జావ చిక్కదనం కాస్త పోతుంది. బరువు పెరగాల్సిన సన్నటి కుర్రాళ్లకు ఫుల్ క్రీమ్ సరి. పాలవాడి దగ్గర పోయించుకునే గేదె పాలలో కొవ్వు 6 నుంచి 8 శాతం దాకా ఉండొచ్చు. కాచి, చల్లార్చి మీగడ తీస్తే తగ్గుతుంది కానీ ఎంత తగ్గిందో ఇంట్లో చెప్పలేం. అవి నీళ్లు కలిసిన పాలైతే ప్రొటీన్ కూడా అంత పలచబడ్డట్టే. కచ్చితమైన లెక్క కావాలనుకున్న రోజు ప్యాకెట్ పాలు వాడుకోవడమే దారి.

యాప్‌లో రాసుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఒక్క చోటే. పొడి ఓట్స్ 100 గ్రాములకు 380 కేలరీలు, నీళ్లలో ఉడికిన ఓట్స్ 100 గ్రాములకు 70 చిల్లర. 40 గ్రాములు పొడివి వేసి, జాబితాలో "ఉడికిన ఓట్స్" నొక్కితే 150 ఉండాల్సింది 28 చూపిస్తుంది. మొత్తం నీళ్ల జావ గిన్నె 200 లోపు చూపిస్తోందంటే అనుమానించాల్సింది అక్కడే. పాలను కూడా కాచకముందు పోసిన కొలతతోనే రాయాలి. మరిగితే ఎగిరిపోయేది నీరే, ప్రొటీన్, కొవ్వు గిన్నెలోనే ఉంటాయి.

పాలతో కాస్తే అడుగంటుతుందని మానేసినవాళ్లు చాలామంది. ఓట్స్ పిండి చిక్కబడగానే పాలు అడుగున కదలకుండా నిలిచిపోతాయి. అక్కడ పాల ప్రొటీన్, చక్కెర పేరుకుని మాడతాయి. అందుకని పాలను మొదటే పోయకండి. 40 గ్రాముల ఓట్స్‌ను 120 మి.లీ. నీళ్లలో, చిటికెడు ఉప్పుతో మూడు నాలుగు నిమిషాలు ఉడికించండి. రోల్డ్ ఓట్స్ ఆపాటికి మెత్తబడి నీళ్లను పీల్చుకుంటాయి. అప్పుడు మంట తగ్గించి, కాచి ఉంచుకున్న 250 మి.లీ. పాలు పోసి, గరిటెతో అడుగు నుంచి తిప్పుతూ మరో రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు. ఇన్‌స్టంట్ రకమైతే మొదటి దశ ఒక్క నిమిషమే. పొయ్యి మీద కొంచెం పలచగా ఉన్నప్పుడే దించాలి, చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. చల్లారిన జావ ముద్దయితే మళ్లీ పాలు పోసి పలచన చేస్తారు, ఆ పాలు ఎవరి లెక్కలోనూ ఉండవు. వేడినీళ్లతో పలచన చేయండి.

అరటిపండు దించాకే వేయండి. ఉడికితే పుల్లటి వాసన వస్తుందని కొందరికి గిట్టదు, మాక్రోలు, అంటే ప్రొటీన్, పిండిపదార్థం, కొవ్వుల లెక్క, మాత్రం మారవు. మిగలపండిన పండులో పిండి చక్కెరగా మారి తీపి పెరుగుతుంది, మొత్తం పిండిపదార్థం దాదాపు అంతే. తీపి కావాలనుకుంటే బెల్లం బదులు అలాంటి పండును సగం మెదిపి కలపండి.

మిగతావాటి గురించి రెండు మాటలు. పాలు పడనివాళ్లు నీళ్లతో కాచి, గోరువెచ్చగా అయ్యాక పెరుగు కలుపుకోవచ్చు, ప్రొటీన్ పాలంత వస్తుంది, కడుపు ఉబ్బరం చాలామందికి తగ్గుతుంది. ప్యాకెట్ బాదం పాలలో ప్రొటీన్ నామమాత్రం, మాక్రోల లెక్కలో అవి నీళ్లకు దగ్గర. సోయా పాలు పనికొస్తాయి, తీపి కలపనివి చూసుకోవాలి. ఓట్స్ ఎందుకు, చోడి అంబలి చాలదా అంటే చాలు. ఐతే చోళ్లలో ప్రొటీన్ ఓట్స్ కంటే తక్కువ, అందులో కూడా మజ్జిగ కాస్త ధారాళంగా పడాలి.