అట్టప్యాకెట్టులో ఉన్నది పండ్లరసమా, చక్కెర కలిపిన పానీయమా?

తిరుపతి ఆర్టీసీ బస్టాండు దగ్గరి అంగడిలో 200 మిల్లీలీటర్ల ప్యాకెట్లు రెండు కొని, వాటిని పక్కపక్కన పెట్టి చదివాను. ఒకటి మామిడిది, రెండోది ఆపిల్‌ది. ముందువైపు రెండింటిపైనా నిగనిగలాడే పండు బొమ్మే ఉంది. అయితే మామిడి ప్యాకెట్టు అడుగున, వెతికితే తప్ప కనబడని అక్షరాలలో ‘ఫ్రూట్ డ్రింక్’ అని ఉండగా, రెండోదానిపై ‘ఆపిల్ జ్యూస్’ అని ఉంది. ముందువైపు నమ్మదగినది ఆ పేరొక్కటే, ఎందుకంటే నిబంధనల ప్రకారం డ్రింకులో పండు భాగం పదో వంతు ఉంటే సరిపోతుంది, నిమ్మకైతే 5 శాతమే చాలు.

వెనుకవైపు పదార్థాలను బరువు ఎక్కువైనదాని నుండి తక్కువైనదాని వరకు వరుసగా రాస్తారు. మామిడి ప్యాకెట్టుపై నీరు, మామిడి గుజ్జు 19 శాతం, చక్కెర అని ఉంది. ఆపిల్ ప్యాకెట్టుపై నీరు, ఆపిల్ జ్యూస్ కాన్సంట్రేట్ 16 శాతం అని ఉంది. నీరు ముందుంటే అది డ్రింకేనని, శాతం ఎక్కువైతే పండు ఎక్కువని లెక్క వేసేవారు ఇక్కడే పొరబడతారు. కాన్సంట్రేట్ అంటే రసంలోని నీటిని చాలావరకు ఇగరబెట్టిన చిక్కటి పాకం. అందులో పదింట ఏడు వంతుల దాకా పండులోని చక్కెర తదితరాలే ఉంటాయి కాబట్టి, 16 పాళ్ల పాకానికి 84 పాళ్ల నీరు తిరిగి చేరిస్తే మామూలు ఆపిల్ రసమంత చిక్కదనం వస్తుంది. గుజ్జు అలా కాదు, అది దాదాపు పండు చిక్కదనంలోనే ఉంటుంది. దానికి నాలుగింతలకు పైగా ఇతర పదార్థాలు చేరాయంటే అది పలచబడిందనే అర్థం. అయితే కాన్సంట్రేట్‌కు నీరు చేర్చి తిరిగి తయారుచేసిన రసాన్ని ‘నూరు శాతం పండ్లరసం’ అని చెప్పుకోవద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 జూన్‌లో ఆదేశించింది.

పోషకాల పట్టికలో మామిడికి 100 మిల్లీలీటర్లకు మొత్తం చక్కెర 13 గ్రాములు, అందులో కలిపినది 10 గ్రాములు అని ఉంది. ఆపిల్‌కు మొత్తం 11, కలిపినది సున్నా. కలిపిన చక్కెర వరుస లేకపోయినా లెక్క కట్టవచ్చు. మన చిత్తూరు తోతాపురి గుజ్జులో చక్కెర సుమారు ఏడో వంతు అనుకుంటే, 19 గ్రాముల గుజ్జు నుండి వచ్చేది మూడు గ్రాములకు మించదు. తక్కినదంతా బస్తాలోంచి పోసినదే. అంటే ప్యాకెట్టంతా తాగితే దాదాపు నాలుగు చెంచాల చక్కెర.

రసం కావాలనుకునేవారికి ఆపిల్‌దే మేలు. కానీ మధుమేహం ఉన్నవారికి రెండింటిలో ఏదీ మేలని నేననను: ‘చక్కెర కలపలేదు’ అన్న ఆ ప్యాకెట్టులోనూ 22 గ్రాముల చక్కెర ఉంది, మామిడిదానిలో 26.