ఎర్ర కారును పసుపు చేయాలంటే: వర్ణం తిప్పడమా, పైన రంగు పూయడమా?

ఎండలో నిలిపిన ఎర్ర కారు బానెట్‌ను దగ్గరగా చూస్తే అక్కడ రెండు రకాల వెలుగు కనిపిస్తుంది. కారు పెయింటు పైన పారదర్శకమైన క్లియర్ కోట్ పొర ఉంటుంది. దాని మీద పడి అక్కడి నుంచే తిరిగి వచ్చే వెలుగు ఆకాశం రంగులోనే, సూర్యుడి తెలుపులోనే ఉంటుంది. ఆ పొరను దాటి పెయింటు దాకా వెళ్లి వచ్చిన వెలుగు మాత్రమే ఎర్రబడుతుంది. ఫొటోలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. మనం మార్చవలసింది రెండోదాన్ని మాత్రమే. ఫొటోషాప్‌లో ఏ పద్ధతి మేలన్నది ఇక్కడే తేలుతుంది.

చాలామంది ముందుగా చేసే పని, కారును ఎంచుకుని దాని మీద పసుపు లేయర్ వేసి, బ్లెండ్ మోడ్‌ను Color అని మార్చడం. ఈ మోడ్ కింది ఫొటోలోని వెలుగు స్థాయిని అలాగే ఉంచి, వర్ణాన్ని, గాఢతను పై లేయర్ నుంచి తీసుకుంటుంది. మెరుపులు చెదరవు కదా అనిపిస్తుంది. కానీ ఎరుపు, పసుపు ఒకే వెలుగున్న రంగులు కావు. ఈ మోడ్ లెక్కలో స్వచ్ఛమైన ఎరుపు వెలుగు 30 శాతం, పసుపుది 89 శాతం. ఆ 30 శాతంలోనే పసుపును ఇరికించాలి కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు వరుసగా 255, 0, 0 ఉన్నచోట సుమారు 86, 86, 0 వస్తుంది. అది పసుపు కాదు, మురికి పట్టిన ముదురు ఆలివ్ రంగు. పైగా తలుపు మీద బూడిద రంగులో కనిపించే గోడ ప్రతిబింబానికి కూడా పసుపు పట్టేస్తుంది. గాఢత కూడా పై లేయర్‌దే కావడం దీనికి కారణం.

రెండో పద్ధతి Hue/Saturation అడ్జస్ట్‌మెంట్ లేయర్. ఇది ఉన్న రంగునే వర్ణ చక్రం మీద తిప్పుతుంది. హ్యూను +60 చేస్తే 255, 0, 0 కాస్తా 255, 255, 0 అవుతుంది, నిండు పసుపు. తెల్లటి మెరుపులో తిప్పడానికి రంగే లేదు కాబట్టి అది తెల్లగానే మిగులుతుంది. ఎరుపు నుంచి పసుపుకైతే నేను సందేహం లేకుండా దీన్నే ఎంచుకుంటాను.

అయితే దీన్ని అన్ని రంగులనూ కలిపి తిప్పే Master మీద నడిపితే ఆకాశం కూడా తిరుగుతుంది. అద్దంలో 150, 180, 220గా ఉన్న నీలం 190, 150, 220 అవుతుంది, అంటే లేత ఊదా. అందుకే జాబితాలో Reds ఎంచుకుని, అప్పుడు హ్యూ తిప్పాలి. వెనుక దీపాలు కూడా ఎర్రనివే కనుక లేయర్ ప్రభావం ఎక్కడ పడాలో చెప్పే మాస్క్‌లో వాటిని నల్లగా పూసి వదిలేయాలి.

ఇంత చేసినా బానెట్ మీద గులాబీ, ఊదా మరకలు మిగలవచ్చు. అవి ఎర్ర పెయింటు మీద నీలాకాశం పడి కలిసిన చోట్లు, ఉదాహరణకు 180, 120, 180. Reds పరిధికి బయట ఉండి అవి కదలలేదు. వాటినీ తిప్పుదామని పరిధిని పెంచడం పొరపాటు. +60 తిప్పితే ఆ ఊదా పాలిపోయిన ఎరుపు అవుతుంది. నిజమైన పసుపు కారు మీద ఆకాశం పడితే పసుపు, నీలం ఒకదాన్నొకటి చంపుకుని దాదాపు బూడిద రంగు కనిపిస్తుంది. కాబట్టి అదే మాస్క్‌తో ఇంకో Hue/Saturation లేయర్ వేసి, Magentas ఎంచుకుని, గాఢతను మరక పోయేదాకా తగ్గించాలి. నకిలీతనాన్ని బయటపెట్టేది సాధారణంగా ఈ మరకలే. వాటి తరువాత, కారు కింద తడి నేల మీద మిగిలిపోయిన ఎర్రటి నీడ.

తెల్ల కారు దగ్గర ఈ లెక్క తారుమారవుతుంది. తిప్పడానికి వర్ణమే లేదు కాబట్టి Hue/Saturation మామూలుగా పనిచేయదు. అక్కడ కావలసిన రంగు లేయర్‌ను Multiply మోడ్‌లో వేయడమే మేలు. పెయింటు 230 స్థాయిలో ఉన్నచోట 190, 20, 25 ఎరుపు వేస్తే సుమారు 171, 18, 23 వస్తుంది, నీడలు వాటంతట అవే ముదురుతాయి. మెరుపులకూ ఎరుపు పట్టడం దీని లోపం. లేయర్ స్టైల్‌లోని Blend If దగ్గర Underlying Layer కుడి వైపు స్లైడర్‌ను ఆల్ట్ నొక్కి రెండుగా విడదీసి, 240, 253 దగ్గర ఉంచితే మెరుపు తిరిగి తెల్లబడుతుంది. అసలు ఫొటోలో పెయింటే 250 దాటి వెలిసిపోయి ఉంటే మాత్రం మెరుపేదో, పెయింటేదో విడదీయడం ఈ స్లైడర్ వల్ల కాదు.

తెలుపును నలుపు చేయమంటే ఈ మూడు పద్ధతులూ చాలవు. పెయింటు నుంచి వచ్చే వెలుగు బలంగా ఉన్నందున తెల్ల కారు మీద చెట్లు, మేఘాలు సరిగా కనిపించవు. నల్ల కారు మీద అవే కళ్లకు కట్టినట్టు ఉంటాయి. ఫొటోలో లేని ప్రతిబింబాలను చేత్తో గీసేకన్నా నల్ల కారునే అక్కడ నిలిపి మళ్లీ ఫొటో తీయమని చెబుతాను.