వాడపల్లి ఏడు శనివారాల మొక్కు: నడక, తలనీలాలు, ఖర్చు

ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు వచ్చి, వచ్చిన ప్రతిసారీ గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేస్తామని మొక్కుకోవడం గోదావరి జిల్లాల్లో వాడుక. మా అక్క తన కొడుకు జ్వరం తగ్గితే ఈ మొక్కుతో పాటు చివరి వారం చెప్పులు లేకుండా నడిచి వచ్చి, వాడి పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తానని అనుకుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కాలువగట్టున నడిచి వచ్చేవారు ఉన్నారు గానీ, అది రాత్రంతా పట్టే నడక. అలవాటు లేని కాళ్ళకు రావులపాలెం నుంచి సుమారు పది కిలోమీటర్లే మేలని నా అభిప్రాయం. మేము శుక్రవారం సాయంత్రమే రావులపాలెంలో గది తీసుకుని, తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాము. ఎండెక్కితే తారు రోడ్డు మీద కాలు ఆనదు. నీడ కోసం రోడ్డు దిగితే గట్టు పక్కన తుమ్మముళ్ళు ఉంటాయి. చేతిలో టార్చి ఉండాలి, లారీలు ఎదురుగా కనబడేలా కుడి పక్కన నడవాలి. అరికాలు ఒకేచోట చురుక్కుమనడం మొదలైతే అక్కడ బొబ్బ రాబోతున్నట్టే. అప్పుడు ఆగి కాలు తుడుచుకుని, గుడ్డపట్టీ కట్టుకోవాలి. పట్టీ కడితే మొక్కు చెడుతుందని మా పెద్దలెవరూ అనలేదు.

పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు పిల్లవాడిని మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకోవాలి కాబట్టి ఆ పని నాదైంది. మొదటి మూడు కత్తెర్లు నేను వేశాక క్షురకుడు అందుకున్నాడు. కొత్త బ్లేడును కాగితం విప్పి మన కళ్ళెదుటే రెండుగా విరిచి, సగాన్ని కత్తికి బిగించేవరకు తల వంచనివ్వకండి. ఈ మాట మర్యాదగా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. తల ముందుగా బాగా తడిపితే గాటు పడదు. ఆడవాళ్ళు గుండు చేయించుకోకపోతే మూడు కత్తెర్లు ఇస్తే చాలు. తలనీలాలయ్యాక స్నానం చేసి, తలకు గంధం పూసుకున్నాకే దర్శనానికి వెళ్ళాలి.

ప్రదక్షిణల లెక్క తప్పకుండా అక్క గుప్పిట్లో ఏడు చింతగింజలు పెట్టుకుని, చుట్టుకొకటి సంచిలో వేసుకుంది. జనంలో ముందువారిని తోసుకుంటూ పరుగులు పెట్టేవారిని చూస్తే ఒళ్ళు మండుతుంది. మధ్యలో మైల వస్తే ఆ వారం మానేసి, తరువాతి శనివారం నుంచి లెక్క కొనసాగించడం మా ఇంటి పద్ధతి.

చివరి వారం గదికి పద్నాలుగు వందలు, తిరుగు ఆటోకు మూడు వందలు, కొబ్బరికాయలకు, పూలకు రెండు వందలు, క్షురకుడికి టిక్కెట్టు కాక సంతోషంగా ఇచ్చినది వంద, మొత్తం రెండు వేలయింది. భోజనం గుడి అన్నదానంలోనే చేశాము; విస్తరిలో వదిలేయకుండా అడిగి వడ్డించుకోవాలి. శనివారం గుడి దగ్గర గది దొరుకుతుందని నమ్ముకుని మాత్రం పసిపిల్లలతో రాకండి.