మెకానిజం స్లైడ్‌కి ముసుగు కార్డా, మెట్టు కార్డా?

3-మిథైల్-1-బ్యూటీన్‌కి HBr కలిపే స్లైడ్‌నే తీసుకుందాం. ఫ్లాష్‌కార్డుల యాప్ అంకీలో ఇమేజ్ అక్లూజన్‌తో ఆ బొమ్మలో బాణాల మీదో, మధ్యలోని కార్బోకాటయాన్ మీదో ముసుగు వేస్తే రెండు నిమిషాల్లో కార్డులు సిద్ధం. చిక్కేమిటంటే, ముసుగు పక్కనే తర్వాతి మెట్టు కనిపిస్తూ ఉంటుంది. చివర్లో 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్ కనబడితే హైడ్రైడ్ షిఫ్ట్ జరిగిందని ఎవరైనా చెప్పేస్తారు. నాలుగైదుసార్లు తిప్పాక ముసుగు ఉన్న చోటు చూసే జవాబు వచ్చేస్తుంది, కెమిస్ట్రీతో పనే ఉండదు.

మెట్టు కార్డులో ముందువైపు ఒక్క నిర్మాణమే ఉంటుంది: ప్రోటాన్ చేరాక వచ్చిన సెకండరీ కార్బోకాటయాన్. ప్రశ్న: "ఇప్పుడు ఏ బంధంలోని ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయి, ఎందుకు?" కాగితం మీద బాణం గీశాకే కార్డు తిప్పాలి. వెనక: మూడో కార్బన్ మీది C–H బంధం నుంచి రెండో కార్బన్‌కి బాణం; కారణం, మరింత స్థిరమైన టెర్షియరీ కాటయాన్ ఏర్పడటం. బాణం H నుంచి మొదలైతే తప్పే, బంధం నుంచే మొదలవ్వాలి. స్లైడ్‌కి మూడు కార్డులు చేయాలి, టైమ్ పడుతుంది.

నేనైతే మెకానిజాలకి మెట్టు కార్డులే వాడతాను, రీఏజెంట్ల పట్టికలకి ముసుగు చాలు. ఇంకో కార్డు తప్పక చేర్చండి: అదే ఆల్కీన్‌కి ఆక్సీమెర్క్యురేషన్ చేస్తే హైడ్రైడ్ షిఫ్ట్ ఎందుకు జరగదు? అక్కడ స్వేచ్ఛగా ఉండే కార్బోకాటయాన్ ఏర్పడదు, మెర్క్యూరీ వంతెనలా పట్టుకుని ఉంటుంది.