ఏళ్ల తరబడి చిట్టీలు కట్టాక నాకు తేలిన లెక్క

చాలా ఏళ్లుగా చిట్టీలు కడుతున్నాను. తెలిసినవాళ్ల మధ్య నడిచే చిన్న చిట్టీలూ కట్టాను, రిజిస్టరైన కంపెనీలోనూ కట్టాను. "బ్యాంకులో ఏముంది, చిట్టీలో అయితే రెండింతలు మిగులుతుంది" అనేవాళ్లూ, "చిట్టీ అంటేనే మోసం" అనేవాళ్లూ ఇద్దరూ లెక్క వేయకుండా మాట్లాడుతున్నారనిపిస్తుంది. అందుకే ఒక చిట్టీని మొత్తం విప్పి చూపిస్తాను.

20 మంది, 20 నెలలు, నెలకు 5,000. అంటే లక్ష చిట్టీ. మొదటి నెల లక్షా నడిపేవాళ్లే తీసుకుంటారు, వాళ్లకు వేరే కమిషన్ ఉండదు (తెలిసినవాళ్ల చిట్టీల్లో ఎక్కువగా ఇదే పద్ధతి). రెండో నెల నుంచి పాట. డబ్బు అవసరమైనవాళ్లు ఎంత వదులుకుంటారో పాడతారు, ఎక్కువ వదులుకున్నవాళ్లకు చిట్టీ, ఆ వదిలింది 20 మందికీ సమానంగా పంచుతారు, అంత మేరకు ఆ నెల కంతు తగ్గుతుంది. రెండో నెల 27,000 దగ్గర మొదలై, నెల నెలా 1,500 చొప్పున పాట తగ్గుతూ ఆఖరి నెలకు సున్నా అయిందనుకుందాం. నిజం చిట్టీలో ఇంత నున్నగా దిగదు కానీ మొత్తం మీద ఇలాగే ఉంటుంది.

ఆఖరి చిట్టీ ఎత్తేవాళ్లు మొత్తం కట్టేది 87,175, చేతికొచ్చేది లక్ష, మిగిలేది 12,825. చాలామంది దీన్ని చూసి "ఎనభై ఏడు వేలకు పన్నెండు వేలే కదా" అంటారు, కానీ ఆ ఎనభై ఏడు వేలూ మొదటి రోజే పెట్టలేదు, నెలకింత చొప్పున పెట్టారు. ఒక్కో కంతు ఎన్ని నెలలు బయట ఉందో చూసి లెక్క కడితే నూటికి నెలకు రూపాయి అరవై పైసల వడ్డీ పడుతుంది. అవే కంతులు ఏడాదికి ఆరున్నర శాతం ఇచ్చే ఆర్‌డీలో వేస్తే సుమారు నాలుగున్నర వేలు వచ్చేవి. అంటే ఆర్‌డీ కంటే చిట్టీ అదనంగా ఇచ్చింది ఎనిమిది వేల పైచిలుకు.

ఇప్పుడు రెండో నెలలోనే పాడుకున్నవాళ్ల వైపు చూడండి. చేతికి 73,000. అప్పటికి వాళ్లు కట్టింది 8,650, ఇంకా కట్టాల్సింది 78,525. ఈ లెక్కన వాళ్లకు పడే వడ్డీ నూటికి రెండు రూపాయలు దాటుతుంది. బంగారం తాకట్టు పెట్టగలిగినవాళ్లకు అంతకంటే చవగ్గా దొరుకుతుంది. తాకట్టుకు ఏమీ లేనివాళ్లకు, జీతం స్లిప్పు లేనివాళ్లకు మాత్రం ఇదే దారి, అడిగిన వారంలో డబ్బు చేతికొస్తుంది. నడుమ ఎత్తేవాళ్ల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. పదో నెలలో 15,000 వదులుకుని 85,000 తీసుకున్నవాళ్లకు, మొత్తం కట్టేదానితో పోలిస్తే పోయేది 2,175 మాత్రమే. సగం కాలం దాచుకున్నారు, సగం కాలం అప్పు తీసుకున్నారు, రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. పెళ్లి ఖర్చో, కాలేజీ ఫీజో ఫలానా నెలలో ఉందని ముందే తెలిసినవాళ్లకు చిట్టీ నిజంగా పనికొచ్చేది ఇక్కడే అని నా అభిప్రాయం. పైగా పదిమంది మధ్య కడుతున్నాం కాబట్టి కంతు ఎగ్గొట్టబుద్ధి కాదు, ఆర్‌డీని మనం ఏ నెలైనా ఆపేస్తాం.

ఇక రిస్కు. పొదుపు సంఘంలో డబ్బు సంఘం పేరున బ్యాంకులో కనబడుతుంది. చిట్టీలో అలా ఎక్కడా నిల్వ ఉండదు, వచ్చింది వచ్చినట్టే ఎత్తినవాళ్లకు వెళ్లిపోతుంది. ఆఖరి చిట్టీ కోసం ఆగినవాళ్ల చేతిలో ఉండేది, ముందే ఎత్తుకున్న పంతొమ్మిది మంది కడుతూ ఉంటారన్న నమ్మకం. ఆఖరి నెలకు ముందు చిట్టీ మునిగితే పోయేది 82,175. అదనంగా వచ్చేది ఎనిమిది వేలు కదా, కాబట్టి పది చిట్టీలు సవ్యంగా ముగిసి ఆర్‌డీ మీద సంపాదించిపెట్టిన అదనం మొత్తం, ఒక్క చిట్టీ మునిగితే దాదాపుగా పోతుంది. మీ చుట్టూ పదకొండు చిట్టీల్లో ఒకటి కూడా మునగదని గట్టిగా అనుకుంటేనే ఆఖరిదాకా ఆగడంలో అర్థం ఉంది.

నేను ఉన్న ఒక చిట్టీ అలా తడబడింది. మొదట్లోనే ఎత్తుకున్న ఒకతను కట్టడం మానేశాడు. నడిపే అక్క పరువు కోసం ఆ కంతు తనే వేసింది, ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఇంకొకరు ఆపారు. అప్పుడు పాట అయిన వారానికి రావాల్సిన డబ్బు నెలాఖరుకు రావడం మొదలైంది, ఎత్తినవాళ్లతో "ఆ డబ్బు నా దగ్గరే ఉంచండి, రెండు రూపాయల వడ్డీ ఇస్తాను" అనడమూ మొదలైంది. చివరికి మేం ఎత్తనివాళ్లం కూర్చుని ఆమె నోటుబుక్కు తెరిపించాం. ఎత్తినవాళ్ల పేర్ల పక్కన చుట్టిన సున్నాలు, వాటికి ఎదురుగా టిక్కు లేని గళ్లు చూస్తే ఎవరెవరు ఎప్పుడు ఆపారో తేలిపోయింది. కడుతున్నవాళ్ల కంతులు ఆమె చేతికి కాకుండా నేరుగా ఎత్తనివాళ్లకే వెళ్లేలా రాసుకున్నాం. ఆలస్యంగా, కొంత తక్కువగా బయటపడ్డాం.

కాబట్టి నేను చూసే గుర్తుల్లో మొదటిది ఆలస్యం, రెండోది ఆ "వడ్డీకి ఉంచండి" మాట. మూడోది చాలామంది పట్టించుకోరు, పైగా సంతోషిస్తారు. పదిహేనో నెలలో పాట ఏడెనిమిది వేలకు దిగాలి, ఎందుకంటే మిగిలింది కొద్దిమందే, పోటీ ఉండదు. ఆ టైములో ఒకరు 20,000 వదులుకుని పాడుకున్నారంటే కంతు బాగా తగ్గిందని మనకు బాగానే ఉంటుంది, కానీ ఆ మనిషి ఎక్కడో గట్టిగా ఇరుక్కున్నాడని అర్థం, తర్వాతి కంతులు అతని నుంచి వస్తాయా అన్నది అనుమానమే. పాటకు మనుషులు రాకుండా "ఫోన్లో పాడారు" అనడం, పాతది ముగియకముందే కొత్త చిట్టీకి తొందరపెట్టడం కూడా నాకు టెన్షన్ పెట్టే విషయాలే.

రిజిస్టరైన చిట్టీలో ఈ భయం తగ్గుతుంది. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి, అగ్రిమెంటు రిజిస్టర్ చేయాలి, నడిపేవాళ్లు సెక్యూరిటీ చూపించాలి. దానికి బదులు రాబడి తగ్గుతుంది. 2019 సవరణతో కమిషన్ ఏడు శాతం దాకా తీసుకోవచ్చు, కమిషన్ మీద జీఎస్టీ కూడా ఉంది. పాట గెలిచాక ష్యూరిటీలు తేవాలి, నా విషయంలో కంపెనీవాళ్లు ఇద్దరు ష్యూరిటీలను తిప్పి పంపి డబ్బు చాలా ఆలస్యం చేశారు. ఇంకో సంగతి, బ్యాంకు డిపాజిట్‌కు ఐదు లక్షల దాకా ఉండే బీమా, రిజిస్టరైన చిట్టీకి కూడా లేదు.

ఇప్పుడు నేను ఒకే చిట్టీ కడుతున్నాను, అదీ అందులో కట్టిన డబ్బు మొత్తం పోయినా ఇల్లు గడిచేంత చిన్నది. చిట్టీ సగం నెలలు దాటాక పాటలో వదిలేది పదిహేను శాతం లోపు ఉంటే ఎత్తేసి ఆ డబ్బు అదే వారం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తాను, మిగిలిన కంతులు జీతంలోంచి కడతాను. ఆఖరి చిట్టీ కోసం ఆగడం పూర్తిగా మానేశాను. చేరేముందు అడిగేది ఒక్కటే: ఎత్తినవాళ్ల దగ్గర ప్రామిసరీ నోటు తీసుకుంటారా, దాని మీద సంతకం పెట్టిన ష్యూరిటీ ఎవరు. "మనవాళ్లే కదా, నోటెందుకు" అని జవాబొస్తే అందులో చేరను.