కార్డు ఫార్మాట్ అయ్యాక DMDE: చాలాకాలం వాడి చెబుతున్న మాట

రికవరీ సాఫ్ట్‌వేర్ అనగానే అందరూ ముందు చూసేది ఎన్ని ఫైళ్లు దొరికాయన్న అంకె. నేను ఆ అంకెను లెక్కలోకే తీసుకోను. దొరికిన ఫైలు చివరిదాకా తెరుచుకుంటుందా లేదా, అంతే. DMDE ఉచిత వెర్షన్‌ను ఇన్నాళ్లుగా వదలకపోవడానికి కారణం కూడా అదే, ఫైలు లోపల నిజంగా ఏముందో అది చూపిస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ఫ్రెండ్ 64 జీబీ కెమెరా కార్డు, exFAT. కెమెరాలోనే ఫార్మాట్ అయిపోయింది, ఆ తర్వాత కొన్ని కొత్త ఫొటోలు కూడా తీశారు. కార్డు పక్కనున్న లాక్ మీట జరిపి రీడర్‌లో పెట్టాను, ఇక కంప్యూటర్ దాని మీద ఏమీ రాయకుండా. క్విక్ స్కాన్‌లో కొత్త ఫొటోలు మాత్రమే వచ్చాయి. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. క్విక్ స్కాన్ చదివేది ఫైళ్ల పట్టికను, ఆ పట్టికను ఫార్మాట్ కొత్తగా రాసేసింది. మామూలుగా డిలీట్ అయిన ఫైళ్లకైతే క్విక్ స్కానే మేలు, పేర్లు, ఫోల్డర్లు, తేదీలు అన్నీ అలాగే వస్తాయి. అందుకే ఎప్పుడూ ముందు అదే చేస్తాను.

తర్వాత `Full Scan`. ఇది కార్డును మొదటి నుంచి చివరిదాకా చదివి, ఫైలు మొదలయ్యే గుర్తులను వెతుకుతుంది. జేపెగ్ అయితే `FF D8 FF`. మంచి రీడర్ ఉంటే 64 జీబీకి పావుగంట పట్టవచ్చు, పాత యూఎస్‌బీ 2 రీడర్ అయితే అరగంట దాటుతుంది. మధ్యలో స్పీడు పడిపోయి రీడ్ ఎర్రర్లు వస్తుంటే మాత్రం స్కాన్ ఆపేసి, ముందు కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా ఒకే ఇమేజ్ ఫైలుగా కాపీ తీసుకుని, స్కాన్ ఆ ఇమేజ్ మీద చేయాలి. చావుబతుకుల్లో ఉన్న కార్డును పదేపదే చదివిస్తే ఉన్నదీ పోతుంది.

ఫొటోలు చాలావరకు వచ్చాయి, పేర్లు లేకుండా, అంకెలతో. ఇక్కడే చాలామంది ప్రివ్యూ చూసి టెన్షన్ తీరిపోయిందనుకుంటారు. చిన్న బొమ్మను అస్సలు నమ్మొద్దు. జేపెగ్ ముందు భాగంలో ఒక బుల్లి థంబ్‌నెయిల్ విడిగా ఉంటుంది, రా ఫైలులో అయితే పూర్తి సైజు జేపెగ్ కూడా దాగి ఉంటుంది. అసలు డేటా పాడైపోయినా అవి చక్కగా కనిపిస్తాయి. ఫొటోను పూర్తి సైజులో తెరిచి కింది అంచుదాకా చూడాలి, సగం నుంచి బూడిద రంగు వచ్చిందంటే మిగతాది లేనట్టే. వీడియోలను చివరిదాకా లాగి చూడాలి. ఈ కార్డులో పెద్ద వీడియో ఒకటి మొదటి సెకన్లు ఆడి ఆగిపోయింది. కెమెరాలో మధ్యమధ్యలో ఫొటోలు డిలీట్ చేస్తూ రావడంతో ఖాళీలు ఏర్పడి, వీడియో ఆ ఖాళీల్లో ముక్కలుగా పడింది. ఏ ముక్క తర్వాత ఏదో చెప్పే సమాచారం ఫార్మాట్‌లో పోయింది. దీనికి డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా గ్యారంటీ ఇవ్వలేదు.

సేవ్ చేసేది కచ్చితంగా వేరే డ్రైవ్‌లోకే. పోయిన ఫైళ్లు ఉన్నది కార్డు దృష్టిలో "ఖాళీ" స్థలంలో, అక్కడికే తిరిగి సేవ్ చేస్తే మొదటి ఫైలు రాస్తూనే పదో ఫైలును తుడిచేస్తాం. కంప్యూటర్ సి డ్రైవ్‌లో ఫైళ్లు పోయాయంటే, సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేయడం, ఇన్‌స్టాల్ చేయడం కూడా అదే నష్టం. DMDE ఇన్‌స్టాల్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, నాకు ఇది పెద్ద ప్లస్. ఇంకో సంగతి: ఒకే ఫైలు రెండు మూడు చోట్ల దొరుకుతుంది కాబట్టి ఫలితాలు కార్డు సైజును మించిపోవచ్చు. గమ్యం డ్రైవ్‌లో కార్డుకు రెట్టింపు స్థలం పెట్టుకోండి. అది FAT32 అయితే 4 జీబీ దాటిన ఫైలు దానిలో పట్టదు, ఇమేజ్ తీయాలంటే NTFS లేదా exFAT కావాలి.

ఉచిత వెర్షన్‌లో తెరిచి ఉన్న ఫోల్డర్ నుంచి ఒకసారికి 4000 ఫైళ్ల వరకు తీసుకోవచ్చు, ఇంటి అవసరానికి ఇది చాలు. కష్టమల్లా స్క్రీన్ తోనే, మొదటిసారి చూసేవాళ్లకు భయమేస్తుంది. ఎస్ఎస్‌డీలో డిలీట్ అయిన ఫైళ్ల విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. డిలీట్ అయిన ఫైళ్ల చోటును ఎస్ఎస్‌డీ తానే ఖాళీ చేసేసే ట్రిమ్ పనిచేసి ఉంటే పేరు, సైజు అన్నీ సరిగ్గా కనిపించినా, DMDEలో ఆ ఫైలు హెక్స్ తెరిస్తే వరుసగా `00 00 00` ఉంటుంది. అలా కనిపిస్తే ఫుల్ స్కాన్ కోసం గంటలు పెట్టడం గానీ, పెయిడ్ వెర్షన్ కొనడం గానీ అనవసరం.

స్క్రీన్ చూసి వెనకాడేవాళ్లు, ఫైలు పేర్లు లేకపోయినా ఫర్వాలేదనుకునేవాళ్లు ఫోటోరెక్ వాడండి. అది పూర్తిగా ఉచితం. దానిలో ప్రివ్యూ ఉండదు కాబట్టి అన్నీ వేరే డ్రైవ్‌లోకి తీసుకుని, ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి.