మార్కులను నిమిషాలుగా మార్చే లెక్క: చరిత్ర పరీక్షల్లో ఏళ్ల తరబడి వాడి చూశాక

చరిత్ర పరీక్షలో ఏ ప్రశ్నకు ఎంతసేపు కేటాయించాలి అని అడిగితే దాదాపు అందరూ చెప్పే లెక్క ఒకటుంది. మొత్తం నిమిషాలను మొత్తం మార్కులతో భాగించాలి, వచ్చిన దాన్ని ఒక్కో ప్రశ్న మార్కులతో హెచ్చవేయాలి. విద్యార్థిగా కొన్నేళ్లు, ఆ తర్వాత జవాబు పత్రాలు దిద్దుతూ మరికొన్నేళ్లు ఈ లెక్కతో కాపురం చేశాను. దీన్ని వదిలేయమని చెప్పను. కానీ ఉన్నదున్నట్టు వాడితే, ఆనాటి ప్రసంగం, లేఖ వంటివి ఇచ్చి వాటి మీద అడిగే ఆధారాల ప్రశ్నల దగ్గరే దారి తప్పిస్తుంది. ఆ నష్టం బయటపడేది మాత్రం చివరి వ్యాసంలో.

ఎలాగో ఒక పేపర్ తీసుకుని చూద్దాం. రెండు గంటలు, 80 మార్కులు. మొదటి భాగంలో మూడు ఆధారాలు ఇచ్చి, వాటి మీద 4, 8, 12 మార్కుల ప్రశ్నలు అడిగారు. రెండో భాగంలో 28 మార్కుల వ్యాసాలు రెండు రాయాలి. 120ని 80తో భాగిస్తే మార్కుకు నిమిషంన్నర. అంటే ఆధారాలకు 36 నిమిషాలు, ఒక్కో వ్యాసానికి 42. కాగితం మీద ముచ్చటగా సరిపోయింది. కానీ ఆ మూడు ఆధారాలను చదివేది ఎప్పుడు? ఏ వ్యాసాలు రాయాలో ఎంచుకునేది ఎప్పుడు? ఈ లెక్కలో చదవడానికి ఒక్క నిమిషం కూడా లేదు.

ఆధారాల ప్రశ్నకూ వ్యాసానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. నాలుగు మార్కుల ప్రశ్న కోసమైనా ఆధారాన్ని పూర్తిగా చదవక తప్పదు. మార్కులు తక్కువని చదివే సమయం తగ్గదు. అందుకే నేను వాడే సవరణ ఇది: చదవడానికి, ప్రశ్నలు ఎంచుకోవడానికి ముందే 10 నిమిషాలు, చివర సరిచూసుకోవడానికి 5 నిమిషాలు పక్కన పెట్టాలి. మిగిలిన 105 నిమిషాలనే మార్కులకు పంచాలి. అప్పుడు మార్కుకు సుమారు ఒకటింబావు నిమిషం కన్నా కాస్త ఎక్కువ వస్తుంది. ఆధారాల ప్రశ్నలకు వరుసగా 5, 10, 16 నిమిషాలు, వ్యాసానికి 37 చొప్పున.

ఇంకో అలవాటు కూడా చేసుకోవాలి. నిమిషాల లెక్కను గడియారం వేళల్లోకి మార్చి ప్రశ్నపత్రం అంచున రాసుకోవాలి. పరీక్ష 10:00కు మొదలైతే 10:10కి చదవడం పూర్తి, తర్వాత 10:15, 10:25, 10:41కి ఒక్కో ఆధారాల ప్రశ్న ముగింపు, 11:18కి మొదటి వ్యాసం, 11:55కి రెండోది. ‘పదహారు నిమిషాలు’ అని రాసుకుంటే ఎప్పుడు మొదలుపెట్టామో గుర్తు తెచ్చుకుని కూడుకోవాలి. ‘10:41’ అని ఉంటే తలెత్తి చూస్తే చాలు.

ఆధారాల దగ్గర సమయం ఎలా కారిపోతుందో కాస్త దగ్గరగా చూద్దాం. 1938 సెప్టెంబరు 27న బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్ చేసిన రేడియో ప్రసంగంలో కొంత భాగం ఇచ్చి, హిట్లర్ కోరికలకు తలొగ్గి యుద్ధం తప్పించుకోవాలన్న బుజ్జగింపు విధానాన్ని అర్థం చేసుకోవడానికి ఇది ఎంత ఉపయోగకరమో చెప్పమని 8 మార్కులకు అడిగారనుకోండి. దూరదేశంలో, మనకేమీ తెలియని ప్రజల మధ్య తగాదా కోసం మనం కందకాలు తవ్వుకోవాల్సి రావడమేమిటని ఆయన అందులో వాపోతారు. చాలామంది ఆ మాటలనే తమ వాక్యాల్లో తిప్పి రాస్తూ ఐదారు నిమిషాలు గడిపేస్తారు. దిద్దేవారి ముందు ఆ ఆధారం ఉండనే ఉంటుంది, మళ్లీ చెబితే మార్కులు రావు. మార్కులు వచ్చేది ఎవరు, ఎవరితో, ఎప్పుడు మాట్లాడారన్న చోట. మ్యూనిక్ ఒప్పందానికి కొద్ది రోజుల ముందు, యుద్ధభయంలో ఉన్న సొంత ప్రజలతో ఒక ప్రధాని మాట్లాడుతున్నాడు. కాబట్టి ప్రజలకు ఆయన ఎలా నచ్చజెప్పాడో తెలుసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. మంత్రివర్గంలో సైనిక బలం గురించి ఏం చర్చించారో తెలుసుకోవడానికి అంతగా పనికిరాదు. మొదటి పది నిమిషాల్లో చదివేటప్పుడే ఒక్కో ఆధారం పక్కన ఈ మూడు సంగతులూ ముక్తసరిగా రాసుకుంటే, తర్వాత పది నిమిషాల్లో జవాబు హాయిగా పూర్తవుతుంది.

వ్యాసాల్లో జబ్బు వేరు. బాగా తెలిసిన విషయమే సమయాన్ని మింగేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి జర్మనీ గురించి ‘వైమర్ గణతంత్రం కూలిపోవడానికి ప్రధాన కారణం వర్సాయ్ సంధేనా?’ అన్న ప్రశ్నకు రాసేవాళ్లు 1923 దగ్గరికి వచ్చేసరికి ఆగరు. రూర్ ఆక్రమణ, విపరీతమైన ద్రవ్యోల్బణం, తోపుడు బళ్లలో నోట్ల కట్టలు... రాయడానికి అంత ఆసక్తిగా ఉంటుంది మరి. పేజీన్నర నిండుతుంది గానీ వాదన అంగుళం కదలదు. దీన్ని పసిగట్టడానికి నాకు తెలిసిన గుర్తు ఒకటే: వరుసగా ఐదారు వాక్యాలు రాసినా ప్రశ్నలోని మాట ఒక్కటీ రాలేదంటే, మనం కథ చెబుతున్నాం. అక్కడే పేరా ముగించాలి.

అదే వ్యాసంలో ఒక్క పోలిక ఎంత పని చేస్తుందో చూడండి. నాజీ పార్టీకి 1928 ఎన్నికల్లో వచ్చిన ఓట్లు 2.6 శాతం. 1932 జులైలో 37.3 శాతం. సంధి జరిగిన తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఆ పార్టీ అంత చిన్నదిగా ఉందంటే, సంధి ఒక్కటే కారణమని చెప్పడం కష్టం. మధ్యలో 1929 మాంద్యం వచ్చింది. రెండు నిమిషాల్లో రాయగల ఈ నాలుగు వాక్యాలు ద్రవ్యోల్బణం కథ మొత్తం కన్నా ఎక్కువ మార్కులు తెస్తాయి. 37 నిమిషాల్లో నేను పథకానికి 5, ప్రారంభానికి 3, మూడు పేరాలకు ఎనిమిదేసి, ముగింపుకు 5 ఇస్తాను. పథకానికి ఐదు నిమిషాలా అని ముఖం చిట్లించేవాళ్లున్నారు. పథకం లేకుండా దిగినవాళ్ల పత్రాల్లో కొట్టివేతలకు పోయిన సమయం అంతకన్నా తక్కువేమీ కాదు.

వేళ దాటితే? 11:18 అయింది, మొదటి వ్యాసం ఇంకా సాగుతోంది. రాస్తున్న వాక్యం పూర్తి చేసి, తీర్పు చెప్పే రెండు వాక్యాలు చేర్చి, సగం పేజీ ఖాళీ వదిలి ముందుకు వెళ్లాలి. చాలా చోట్ల వ్యాసాన్ని స్థాయిలుగా చూసి దిద్దుతారు, అంశానికి ఒక మార్కు చొప్పున కాదు. అందుకని ఇప్పటికే మూడు ఉదాహరణలున్న వ్యాసానికి నాలుగోది చేర్చితే స్థాయి మారడం అరుదు. అసలు మొదలుపెట్టని వ్యాసానికి మొదటి పది నిమిషాల్లోనే గణనీయమైన మార్కులు వస్తాయి. ఎంత ఆలస్యమైనా చివరి వ్యాసం వాటాలో చెయ్యి పెట్టకూడదు. చివర సరిచూసుకోవడానికి పక్కన పెట్టిన ఐదు నిమిషాలు ఇలాంటి అవసరానికీ పనికొస్తాయి.

ఈ లెక్కకు పరిమితి కూడా ఉంది. రాసే వేగం దీనికి తెలియదు. నా చేతికి పేజీకి పది నిమిషాలకు పైగా పడుతుంది కాబట్టి, 32 నిమిషాల రాతంటే మూడు పేజీలు. అందుకే మూడే పేరాలు పెట్టుకుంటాను. వేగంగా రాసేవారు నాలుగో పేరా పెట్టుకోవచ్చు, నెమ్మదిగా రాసేవారు రెండింటినే గట్టిగా రాయడం మేలు. ఇంటి దగ్గర ఒక వ్యాసం రాసి చూసి వేగం లెక్కిస్తే చాలదు. రెండో గంటలో చెయ్యి నొప్పెడుతుంది, వేగం తగ్గుతుంది. పూర్తి పేపర్ ఒకే విడతలో రాసి, రెండో వ్యాసం వేగాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.